ఘర్షణ పాఠానికి రివిజన్ నోట్సు ఇంట్లోనే ఎలా రాయాలి?

"మేడమ్ గారూ, మా బాబు ఎనిమిదో తరగతి. సైన్సులో ఘర్షణ పాఠం మొత్తం బట్టీ పట్టాడు, కానీ ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే నోరు తెరవడు. పుస్తకంలో వాక్యాలు పెద్దవిగా ఉన్నాయి, అర్థం కావట్లేదంటాడు. చిన్న చిన్న వాక్యాల్లో, ఇంట్లో కనిపించే ఉదాహరణలతో నేనే నోట్సు రాసిద్దామనుకుంటున్నా. నేను చదివింది ఇంటర్ వరకే, అదీ ఆర్ట్స్. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి తప్పకుండా రాయాలి? పరీక్ష ఇంకా పది రోజులుంది, నాకే టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, ఒంగోలు"

అమ్మా, పాఠం మొదటి నిర్వచనం దగ్గరే మొదలుపెట్టండి, ఎందుకంటే పిల్లలు తప్పిపోయేది అక్కడే. తాకి ఉన్న రెండు తలాల మధ్య సాపేక్ష చలనాన్ని వ్యతిరేకించే బలం ఘర్షణ, అని చదువుతారు కదా. అందులో 'సాపేక్ష' అనే మాట నోరు తిరగదు, అర్థమూ కాదు, అందుకని పిల్లలు ఆ మాటను వదిలేసి "చలనాన్ని వ్యతిరేకించేది ఘర్షణ" అని మిగతాది గుర్తుపెట్టుకుంటారు. ఆ ఒక్క మాట పోయేసరికి సగం పాఠం తారుమారవుతుంది. మనం నడిచేటప్పుడు ఘర్షణ ఎటువైపు పనిచేస్తుంది అని అడిగితే, చలనాన్ని వ్యతిరేకిస్తుంది కాబట్టి వెనక్కి, అని రాసేస్తారు. అది తప్పు. ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

కాబట్టి నోట్సులో మొదటి ముక్క ఇలా రాయండి. ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి ఉండాలి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక గీత ఖాళీ వదలండి, వాడు తన ఉదాహరణ అక్కడ రాసుకుంటాడు.

> రెండు వస్తువులు ఒకదాన్నొకటి తాకి ఉన్నాయి.
> ఒకటి రెండోదాని మీద జారబోతోంది.
> ఆ జారడాన్ని అడ్డుకునే బలమే ఘర్షణ.
> తాకకపోతే ఈ ఘర్షణ లేదు.
> జారే ప్రయత్నమే లేకపోతే కూడా లేదు. బల్ల మీద ఊరికే ఉన్న పుస్తకానికి ఘర్షణ సున్నా.
> ఒకదానితో పోల్చి చూస్తే రెండోది కదలడమే సాపేక్ష చలనం.

ఆ చివరి వాక్యానికి బస్సు ఉదాహరణ చెప్పండి. బస్సులో మన కాళ్ల దగ్గర సంచి పెట్టుకుంటాం. బస్సు ఒక్కసారిగా ముందుకు కదిలితే సంచి ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే బస్సు నేలతో పోలిస్తే వెనక్కి జారబోతుంది. ఆ జారడాన్ని ఆపాలంటే సంచిని ముందుకు లాగాలి. ఘర్షణ చేసేది అదే, సంచిని ముందుకు లాగి బస్సుతోపాటు తీసుకుపోతుంది. ఇక్కడ సంచి ముందుకే వెళుతోంది, ఘర్షణా ముందుకే పనిచేస్తోంది. డ్రైవరు బ్రేకు వేశాడనుకోండి, సంచి ముందుకు జారబోతుంది, అప్పుడు ఘర్షణ వెనక్కి లాగుతుంది. నడక కూడా అంతే. మన పాదం నేలను వెనక్కి తోస్తుంది, పాదం వెనక్కి జారకుండా ఘర్షణ దాన్ని ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడుతోనే మనం ముందుకు వెళతాం. బాత్‌రూములో సబ్బు నీళ్లున్న గచ్చు మీద అడుగు వేయడానికి ఎందుకు భయపడతామో వాడినే చెప్పమనండి. ఆ ముందుకు నెట్టే బలం చాలినంత దొరకదు కాబట్టి, అని వాడి నోటివెంట వస్తే మొదటి ముక్క వచ్చినట్టే.

రెండో ముక్క ఘర్షణలో రకాలు. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ, దొర్లుడు ఘర్షణ. పుస్తకంలో ఉన్న ఈ పేర్లను మాత్రం మార్చకండి, పరీక్షలో ఈ మాటలే కావాలి. పేరు కింద గీత గీసి, దాని పక్కన సులువైన మాటల్లో అర్థం రాయండి. స్థైతిక ఘర్షణ అంటే వస్తువు ఇంకా కదలకముందు ఉండే ఘర్షణ. జారుడు ఘర్షణ అంటే కదిలి జారుతున్నప్పుడు ఉండేది. దొర్లుడు ఘర్షణ అంటే చక్రంలాగా, గోళీలాగా దొర్లుతున్నప్పుడు ఉండేది. ఒకే వస్తువు, ఒకే నేల అయితే మామూలుగా మొదటిదాని గరిష్ఠ విలువ అన్నిటికన్నా ఎక్కువ, జారుడు దానికన్నా తక్కువ, దొర్లుడు అన్నిటికన్నా తక్కువ. నిండు గ్యాస్ సిలిండరు మోసుకొచ్చిన కుర్రాడు దాన్ని నిలబెట్టి ఈడ్చడు, కాస్త వంచి అడుగు అంచు మీద దొర్లించుకుంటూ వంటింట్లోకి తెస్తాడు. జారుడుకీ దొర్లుడుకీ తేడా చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

కానీ ఇందులో ఆగి చెప్పాల్సింది స్థైతిక ఘర్షణ గురించి. బీరువాను నెట్టాం, కదల్లేదు. ఎందుకు కదల్లేదు అంటే, "మన బలం కన్నా ఘర్షణ ఎక్కువ కాబట్టి" అంటాడు, చూడండి. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ తప్పు. నిజంగా ఘర్షణ ఎక్కువైతే మనం ముందుకు నెడుతుంటే బీరువా వెనక్కి, మన మీదికి రావాలి కదా! అలా ఎప్పుడూ జరగదు. కదలనంతసేపూ ఘర్షణ మన బలానికి సరిగ్గా సమానంగా ఉంటుంది. మెల్లగా నెడితే మెల్లగానే అడ్డుకుంటుంది, గట్టిగా నెడితే తనూ పెరుగుతుంది. అయితే దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటి నెడితే బీరువా కదులుతుంది. కదిలాక ఘర్షణ కొంచెం తగ్గుతుంది, అందుకే బరువైన సామాను మొదట కదిలించడమే కష్టం, కదిలాక కాస్త తేలిక. ఇది నోట్సులోకి ఇలా వస్తుంది.

> కదలని బీరువాను 50 న్యూటన్ల బలంతో నెట్టాను. ఘర్షణ 50 న్యూటన్లు.
> 100 న్యూటన్లతో నెట్టాను. ఇంకా కదల్లేదు. ఘర్షణ 100 న్యూటన్లు.
> హద్దు 200 న్యూటన్లు అనుకుందాం. అది దాటితే బీరువా కదులుతుంది.
> కదిలాక ఉండేది జారుడు ఘర్షణ. అది ఆ హద్దు కన్నా తక్కువ.

న్యూటన్ అంటే ఎంతో వాడికి ఒక అంచనా ఉండాలి. వంద గ్రాముల వస్తువును అరచేతిలో పట్టుకుంటే చేతి మీద పడే బరువు దాదాపు ఒక న్యూటన్. కిలో పంచదార ప్యాకెట్ అయితే దాదాపు పది.

మూడో ముక్క, ఘర్షణ దేని మీద ఆధారపడుతుంది అన్నది. దీన్ని రాసివ్వకండి, ముందు చేయించండి. స్ప్రింగు త్రాసు అక్కర్లేదు, ఒక రబ్బరు బ్యాండు, ఒక స్కేలు, నలుచదరంగా ఉండే ఒక ప్లాస్టిక్ డబ్బా, కిలో బియ్యం చాలు. డబ్బాలో అరకిలో బియ్యం పోసి మూత పెట్టి, డబ్బా చుట్టూ అన్నివైపులా వార్తాపత్రిక కాగితం చుట్టి టేపు వేయండి. ఈ కాగితం చుట్టడం మరిచిపోకండి, ఎందుకో కింద చెబుతాను. డబ్బాకు అడుగు దగ్గరగా దారం కట్టి, దారం కొసకు రబ్బరు బ్యాండు తగిలించి, బల్ల మీద నెమ్మదిగా, బల్లకు సమాంతరంగా లాగాలి. బ్యాండు ఎంత సాగిందో పక్కన స్కేలు పెట్టి చూడాలి. ఎక్కువ సాగితే ఎక్కువ బలం అన్నమాట.

మా ఇంట్లో మేనకోడలితో చేయించినప్పుడు వచ్చిన లెక్కలు చెబుతాను, మీకు వేరే అంకెలు వస్తాయి, కంగారుపడకండి. బ్యాండు మామూలుగా 6 సెంటీమీటర్లు. డబ్బాను పడుకోబెట్టి లాగితే 9 సెంటీమీటర్లకు సాగాక డబ్బా కదిలింది. కదిలాక ఒకే వేగంతో లాగుతుంటే బ్యాండు 8 దగ్గర నిలిచింది. స్థైతిక ఘర్షణ హద్దుకూ జారుడు ఘర్షణకూ తేడా ఇక్కడే కంటికి కనిపించింది. తర్వాత మిగిలిన అరకిలో బియ్యాన్ని సంచిలో కట్టి డబ్బా మీద పెట్టాం, జారేటప్పుడు బ్యాండు 10 దాటింది. ఆ సంచి తీసేసి, బల్ల మీద తువ్వాలు పరిచి లాగితే మళ్లీ 10 దాకా సాగింది. తువ్వాలు కూడా తీసేసి, డబ్బా కింద నాలుగు గుండ్రటి పెన్సిళ్లు అడ్డంగా పెట్టి లాగితే బ్యాండు సాగిందో లేదో తెలియనంత తేలిగ్గా వచ్చేసింది.

ఇప్పుడు అసలైనది. లాగడానికి ముందు వాడిని ఒక ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించండి: "డబ్బాను పడుకోబెట్టినప్పుడు ఎక్కువ వెడల్పు బల్లకు తగులుతోంది, పక్కకు నిలబెడితే తక్కువ తగులుతుంది, మరి ఘర్షణ ఎప్పుడు ఎక్కువ?" దాదాపు అందరు పిల్లలూ పడుకోబెట్టినప్పుడే అంటారు. పెద్దవాళ్లూ అంటారు. నిలబెట్టి లాగి చూస్తే బ్యాండు మళ్లీ 8 దగ్గరే నిలుస్తుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. తాకే వైశాల్యం మారినా ఘర్షణ మారలేదు. తను రాసిన జవాబు తప్పని తన చేతులతోనే చూసుకున్న పిల్లవాడు ఈ సంగతిని ఇక మరిచిపోడు, అందుకే ముందు రాయించమంటున్నాను.

ఎందుకు మారలేదంటే, బల్లను డబ్బా నొక్కే బలం రెండుసార్లూ ఒకటే, అదే డబ్బా అదే బియ్యం. పడుకోబెడితే ఆ బరువు ఎక్కువ చోట్ల పంచుకుపోతుంది, ఒక్కోచోట మెల్లగా నొక్కుతుంది. నిలబెడితే తక్కువ చోట్ల పడుతుంది, కానీ ఒక్కోచోట గట్టిగా నొక్కుతుంది. మొత్తం మీద సరిపోతుంది. తలాలు ఒకదాన్నొకటి నొక్కే ఈ బలాన్నే అభిలంబ బలం అంటారు. కాగితం ఎందుకు చుట్టమన్నానంటే, డబ్బా అడుగు నున్నగా ఉండి పక్కవైపు గీతలో బొమ్మలో చెక్కి ఉంటే తలమే మారిపోతుంది, అప్పుడు తేడా వస్తే అది వైశాల్యం వల్లనా తలం వల్లనా చెప్పలేం. మీ లెక్కల్లో బాగా తేడా వస్తే ముందు కాగితం ఎక్కడైనా ముడతపడి లేచిందేమో చూడండి, తర్వాత బ్యాండును పైకి ఎత్తి లాగుతున్నాడేమో చూడండి. పైకి లాగితే డబ్బా బరువు కొంత బ్యాండే మోస్తుంది, ఘర్షణ తగ్గినట్టు కనిపిస్తుంది. ఇంకొకటి, రబ్బరు బ్యాండు సాగిన కొలతతో న్యూటన్లు లెక్కకట్టకండి. బలం రెట్టింపైతే సాగడమూ సరిగ్గా రెట్టింపు కావాలని రబ్బరుకు లేదు. ఎక్కువ, తక్కువ, సమానం, ఈ మూడూ చెప్పడానికే అది పనికొస్తుంది.

అన్నీ చేశాక నోట్సులో నాలుగే వాక్యాలు, అవీ వాడి చేతే రాయించండి.

> తలం గరుకైతే ఘర్షణ ఎక్కువ. (తువ్వాలు)
> నొక్కే బలం, అంటే అభిలంబ బలం పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. (బియ్యం సంచి)
> తాకే వైశాల్యం మారితే ఘర్షణ మారదు. (నిలబెట్టిన డబ్బా)
> జారడాన్ని దొర్లడంగా మారిస్తే ఘర్షణ బాగా తగ్గుతుంది. (పెన్సిళ్లు)

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: వైశాల్యంతో పని లేకపోతే ట్రాక్టరు వెనక టైర్లు అంత వెడల్పు ఎందుకు? అడిగితే సంతోషించండి, వాడు ఆలోచిస్తున్నాడు. బురద పొలంలో సన్న టైరు దిగబడిపోతుంది. బరువును ఎక్కువ చోటికి పంచి, ఒక్కోచోట నొక్కుడు తగ్గించడానికి ఆ వెడల్పు. అది పీడనం పాఠంలోకి వెళుతుంది, ఇందులోకి తేవద్దు. టైరు మీద ఉండే లోతైన గాళ్లు మాత్రం మన పాఠానివే. అవి మట్టిని పట్టుకుంటాయి. మోటారు సైకిలు టైరు గాళ్లు అరిగి నున్నబడితే వానాకాలం తడి రోడ్డు మీద నీళ్లు పక్కకు పోయే దారి ఉండదు, బండి జారుతుంది.

గరుకు గురించి కూడా ఒక మాట. తలాల మీద కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, అందుకే ఘర్షణ, అని ఈ తరగతిలో చెప్పే కారణం. పరీక్షకు అది చాలు. కానీ "ఎంత నున్నగా చేస్తే అంత తక్కువ" అని మాత్రం నోట్సులో రాయకండి. రెండు శుభ్రమైన గాజు పలకలను ఒకదాని మీద ఒకటి అదిమి జరపడానికి చూస్తే అతుక్కున్నట్టు పట్టేస్తాయి. మరీ నున్నటి తలాలు బాగా దగ్గరకు వస్తే వాటిలోని అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి.

నాలుగో ముక్క, ఘర్షణను తగ్గించడం, పెంచడం. ఇది పిల్లలకు బాగానే వస్తుంది, ఎక్కువ సమయం పెట్టకండి. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లుతాం, తలుపు బందు కిర్రుమంటే నూనె చుక్క వేస్తాం, సైకిలు చక్రం ఇరుసులో చిన్న చిన్న ఉక్కు గుళ్లు ఉంటాయి, అవే బాల్ బేరింగులు, అవి జారుడును దొర్లుడుగా మారుస్తాయి. ఇందులో 'కందెన' అనే మాట పిల్లలకు కొత్తగా ఉంటుంది. అది పుస్తకం కోసం పుట్టిన మాట కాదు. ఎడ్ల బండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డును మన ఊళ్లలో కందెన అనేవారు, ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసేవారు. కందెన వేయని బండి కిర్రుమనడం వీధి చివరికి వినిపించేది. మీ నాన్నగారో మామగారో ఉంటే ఈ సంగతి వాళ్లతో చెప్పించండి, ఆ మాట వాడికి ఉండిపోతుంది. తలాల మధ్యకు నూనె చేరితే అవి నేరుగా రాసుకోవు, మధ్యలో పలుచని పొర జారుతుంది. నోట్సుకు అదొక్క వాక్యం చాలు.

పెంచే ఉదాహరణలు కూడా ఇంట్లోవే రాయండి. తడి చేత్తో బిగిసిన సీసా మూత రాదు, గుడ్డ వేసి తిప్పితే వస్తుంది. రుబ్బురోలు వాడీ వాడీ నున్నబడితే పప్పు నలగక జారిపోతుంది, అందుకే దానికి మళ్లీ గాట్లు పెట్టిస్తారు.

వేడి పుట్టడానికి అరచేతులు రుద్దుకోవడం, అగ్గిపుల్ల గీయడం అందరూ రాస్తారు. మీరు మిక్సీ చెప్పండి. ఇడ్లీకి మినప్పప్పు మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే పిండి వేడెక్కుతుంది, అందుకే మధ్యమధ్య ఆపుతాం, చల్లటి నీళ్లు పోస్తాం. అందులో కొంత వేడి మోటారుది కూడా, కానీ బ్లేడుకూ పప్పుకూ, పప్పుకూ పప్పుకూ రాపిడి వల్ల పుట్టే వేడి నేరుగా పిండిలోకే పోతుంది.

ప్రవాహి ఘర్షణ చివర్లో రెండు మూడు వాక్యాలే. గాలి, నీరు వంటి వాటిని ప్రవాహులు అంటారు, వాటిలో కదిలే వస్తువును అవి అడ్డుకుంటాయి. వేగం పెరిగితే అడ్డు పెరుగుతుంది, ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది. చేప, పక్షి, విమానం ముందువైపు కోసుగా ఉండేది అందుకే. ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త రాయించండి: "వైశాల్యంతో పని లేదు అన్నది ఘన తలాలకే." గాలిలో గొడుగు తెరిచి పట్టుకుని నడిస్తే వెనక్కి తోసేస్తుంది, ముడిస్తే ఏమీ తెలియదు. డబ్బా ప్రయోగం బాగా ఒంటబట్టిన పిల్లలే ఇక్కడ పొరబడతారు.

మొత్తం నాలుగు పేజీలు దాటనివ్వకండి. దాటితే మీరు మళ్లీ పాఠం రాస్తున్నారని అర్థం, ఉదాహరణలు తగ్గించండి, ఒక సంగతికి ఒకటి చాలు. వచ్చిందో లేదో చూడడానికి నిర్వచనం అప్పజెప్పించుకోవద్దు, నోట్సు మూయించి ఈ మూడు అడగండి. గోడకు ఆనించిన నిచ్చెన కింది కొస నేల మీద ఎటు జారబోతుంది, నేల ఘర్షణ ఎటు ఆపుతుంది? గోడకు దూరంగా జారబోతుంది కాబట్టి గోడవైపు, అనాలి. కదలని బల్లను 30 న్యూటన్లతో నెడుతున్నాను, ఘర్షణ ఎంత? 30 అనాలి, "30 కన్నా ఎక్కువ" అంటే బీరువా దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఒకే ఇటుకను పడుకోబెట్టి లాగినప్పుడు, నిలబెట్టి లాగినప్పుడు ఘర్షణలో తేడా ఏంటి? తేడా లేదు అని ఊరుకుంటే సగం మార్కులే, నొక్కే బలం మారలేదు కాబట్టి, అని కారణం కూడా చెప్పాలి. చెప్పలేకపోతే బియ్యం డబ్బా మళ్లీ బల్ల మీదికి తీయండి, పది నిమిషాల పని.